తట్టు తగ్గిపోయింది కదా అనుకుంటున్నారా? బక్కచిక్కిన పిల్లలకు అసలు గండం ఆ తర్వాతే!

జ్వరం, దగ్గు, ఎర్రబడ్డ కళ్లు, ఒంటినిండా దద్దుర్లు. వారం పది రోజులు తిరిగేసరికి దద్దుర్లు మాడిపోతాయి. ఇంట్లో వాళ్లు మంచం దగ్గర పెట్టిన వేపాకు తీసేసి, పిల్లాడికి స్నానం చేయించి, హమ్మయ్య గండం గడిచిందని ఊపిరి పీల్చుకుంటారు. తట్టు అనగానే చాలా ఇళ్లలో కనిపించే సీన్ ఇదే.

ఒళ్లు చేసి, కడుపునిండా తింటూ ఆడుకునే పిల్లల్లో చాలామందికి కథ నిజంగానే అక్కడితో ముగుస్తుంది. కానీ బరువు తక్కువగా ఉండి, చేతులు కాళ్లు సన్నబడిపోయిన పిల్లల విషయంలో అలా కాదు. వాళ్లకు దద్దుర్లు తగ్గే రోజుల్లోనే న్యుమోనియా మొదలవుతుంది. ఆ తర్వాత నెల రోజులు కళ్లకు, బరువుకు ముప్పు. అది కూడా దాటితే రెండు మూడేళ్ల పాటు ఇంకో సమస్య వెంటాడుతుంది. ఒంట్లో అంతకుముందు సంపాదించుకున్న రోగనిరోధక శక్తిలో కొంత భాగాన్ని తట్టు వైరస్ తుడిచిపెట్టేసి పోతుంది.

అసలు ఇలా ఎందుకు జరుగుతుంది? ఆస్పత్రిలో విటమిన్ ఎ ఎందుకు వేస్తారు? ఇంట్లో వాళ్లు దేన్ని చూసి ప్రమాదం పసిగట్టాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

ముంబైలో ఏం జరిగింది?

2022 అక్టోబర్ చివర్లో ముంబైలోని గోవండి ప్రాంతం ఒక్కసారిగా వార్తల్లోకి వచ్చింది. ఇరుకు గదులు, ఒకే గదిలో ఏడెనిమిది మంది ఉండే బస్తీలు. అక్కడ తట్టుతో పిల్లలు చనిపోతున్నారని తెలిసి కేంద్ర ప్రభుత్వం నవంబర్‌లో నిపుణుల బృందాన్ని పంపింది. ఆ తర్వాత రాంచీ, అహ్మదాబాద్, కేరళలోని మలప్పురానికి కూడా బృందాలు వెళ్లాయి. ఆ సీజన్‌లో ఒక్క ముంబైలోనే పదికి పైగా పిల్లల మరణాలు తట్టు ఖాతాలో, లేదా తట్టు అనుమానిత ఖాతాలో నమోదయ్యాయి.

చనిపోయిన పిల్లల్లో ఎక్కువమంది టీకా పడనివాళ్లే. అయితే కేంద్ర ఆరోగ్య శాఖ అప్పట్లో రాష్ట్రాలకు ఇచ్చిన సూచనల్లో ఇంకో మాట కూడా ఉంది. ఓ మోస్తరు నుంచి తీవ్ర పోషకాహార లోపం ఉన్న పిల్లలకు తట్టు ప్రాణాంతకం అవుతుందని, ఇంటింటికీ తిరిగి అలాంటి పిల్లలను గుర్తించి అదనపు ఆహారం అందించాలని చెప్పింది. అంటే తట్టును ఎదుర్కోవాలంటే టీకా ఒక్కటే సరిపోదు, పిల్లల జబ్బ కొలత కూడా చూడాలన్నమాట.

ఓ పాప ఉదాహరణ

విషయం తేలిగ్గా అర్థం కావడానికి ఓ పాపను ఊహించుకుందాం. వయసు 14 నెలలు. తల్లిదండ్రులు పనుల కోసం ఊరు మారడంతో 9 నెలలప్పుడు వేయించాల్సిన ఎంఆర్ టీకా తప్పిపోయింది. బరువు 7 కిలోలు. ఆ వయసు ఆడపిల్ల సుమారు 9.4 కిలోలు ఉండాలి. అంగన్‌వాడీ టీచర్ జబ్బకు టేపు చుట్టి చూస్తే 12 సెంటీమీటర్లు వచ్చింది. టేపులో అది పసుపు రంగు భాగం. 12.5 దాటితే ఆకుపచ్చ, 11.5 కంటే తగ్గితే ఎరుపు. పసుపు అంటే పాపకు ఓ మోస్తరు పోషకాహార లోపం ఉంది, ఒక్క పెద్ద జబ్బు వస్తే ఎరుపులోకి జారిపోయే స్థితిలో ఉందన్నమాట.

పక్కింటి పిల్లాడికి తట్టు వచ్చింది. గాలిలో ఈ వైరస్ 2 గంటల వరకు బతికి ఉంటుంది. రోగనిరోధక శక్తి లేనివాళ్లు తట్టు ఉన్న మనిషికి దగ్గరగా ఉంటే, పది మందిలో తొమ్మిది మందికి అంటుకుంటుంది. పైగా దద్దుర్లు రావడానికి 4 రోజుల ముందు నుంచే అవతలివాళ్లకు సోకుతుంది. అందుకే "దద్దుర్లు కనిపించగానే పాపను దూరంగా ఉంచాం కదా" అనే మాట పనిచేయదు.

సుమారు 10 రోజుల తర్వాత పాపకు జ్వరం మొదలైంది. ముక్కు కారడం, పొడి దగ్గు, ఎర్రబడి నీళ్లు కారే కళ్లు. మూడో రోజు బుగ్గల లోపలి వైపు ఉప్పు రవ్వల్లాంటి తెల్లటి చుక్కలు కనిపించాయి. నాలుగో రోజు చెవుల వెనుక దద్దుర్లు మొదలై ముఖానికి, ఛాతీకి, ఆ తర్వాత కాళ్లకు పాకాయి. ఇంతవరకు ఏ పిల్లలకైనా తట్టు ఇలాగే నడుస్తుంది.

అసలు తేడా ఇక్కడి నుంచే. మామూలుగా అయితే దద్దుర్లు వచ్చిన మూడు నాలుగు రోజులకు జ్వరం దిగిపోవాలి. ఈ పాపకు ఒక రోజు దిగినట్టే దిగి మళ్లీ పెరిగింది. దగ్గు తడి దగ్గుగా మారింది. పాలు తాగుతూ మధ్యలో ఆపి ఆయాసపడుతోంది. చొక్కా పైకెత్తి నిమిషం పాటు లెక్కపెడితే 52 సార్లు ఊపిరి తీసుకుంటోంది. ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు నిమిషానికి 40 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే అది వేగంగా ఊపిరి తీసుకోవడం కిందే లెక్క. 2 నెలల నుంచి ఏడాది లోపు పిల్లలకైతే ఆ గీత 50.

అంటే పాపకు న్యుమోనియా మొదలైంది. ఒంటిమీద దద్దుర్లేమో మాడిపోతున్నాయి. చూసేవాళ్లకు తగ్గుతున్నట్టే ఉంటుంది. తట్టులో మోసం ఇదే.

ఊపిరితిత్తుల్లో ఏం జరుగుతుంది?

చిన్నపిల్లల్లో తట్టు మరణాలకు అన్నింటికంటే పెద్ద కారణం న్యుమోనియానే. తట్టు వచ్చిన ప్రతి 20 మంది పిల్లల్లో ఒకరికి ఇది వస్తుందని ఒక అంచనా. పోషకాహార లోపం ఉన్నచోట, పిల్లలు ఇరుకు గదుల్లో కలిసి పడుకునే చోట ముప్పు ఇంకా ఎక్కువ.

ముక్కు నుంచి ఊపిరితిత్తుల దాకా గాలి గొట్టాల లోపల ఒక సన్నటి పొర ఉంటుంది. దాని మీద కంటికి కనిపించని వెంట్రుకలు ఉంటాయి. దుమ్మును, సూక్ష్మక్రిములను జిగట ద్రవంతో కలిపి పైకి ఊడ్చేయడమే వాటి పని. తట్టు వైరస్ ఈ పొరలోనే పెరిగి, దాన్ని అక్కడక్కడా ఒలిచేస్తుంది. ఊడ్చే చీపురు పోయింది, గోడకు పెచ్చులూడాయి. ఇక న్యుమోకోకస్ లాంటి బ్యాక్టీరియా నేరుగా లోపలికి దిగిపోతుంది. కొందరు పిల్లల్లో బ్యాక్టీరియా రాకముందే తట్టు వైరసే ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది.

మామూలు పిల్లల్లో ఈ పొర మళ్లీ త్వరగానే పెరుగుతుంది. పెరగాలంటే ఒంట్లో ఒక ముడిసరుకు ఉండాలి. అదే విటమిన్ ఎ. కొత్తగా పుట్టిన కణాలు సరైన పొరగా తయారవ్వాలా, లేక గరుకుగా ఎండిపోయిన తోలులా మారాలా అన్నది చాలావరకు దీని మీదే ఆధారపడి ఉంటుంది. ఊపిరితిత్తుల పొరే కాదు, పేగుల లోపలి పొర, కంటి మీది పొర కూడా అంతే. అందుకే ఇలాంటి పిల్లలకు న్యుమోనియా, విరేచనాలు, కంటి దెబ్బ మూడూ వెంటవెంటనే వస్తుంటాయి. మూడు వేర్వేరు జబ్బుల్లా కనిపించినా మూలం ఒకటే. ఒలిచిన పొర తిరిగి పెరగడం లేదు.

పాప విషయానికొస్తే జబ్బు రాకముందే ఆమె ఒంట్లో విటమిన్ ఎ నిల్వ తక్కువ. జ్వరం వచ్చాక ఉన్న కాస్తా వేగంగా ఖర్చయిపోయింది. నోటి పూత వల్ల తిండి తగ్గింది. విరేచనాల వల్ల తిన్నది ఒంటికి పట్టడం లేదు. ఖర్చు పెరిగింది, రాబడి ఆగిపోయింది.

ఆస్పత్రికి వెళ్లాక డాక్టర్ ముందుగా చూసేది ఊపిరి వేగం, పక్కటెముకల కింద ఛాతీ లోపలికి గుంజుకుపోతోందా లేదా, పాప తాగగలుగుతోందా లేదా అన్నవి. బ్యాక్టీరియా న్యుమోనియాకు అమాక్సిసిలిన్ లాంటి యాంటీబయోటిక్ ఇస్తారు. ఛాతీ గుంజుకుపోతుంటే, పైగా పోషకాహార లోపం కూడా ఉంటే ఇంటికి పంపకుండా చేర్చుకుంటారు. అవసరమైతే ఆక్సిజన్ పెడతారు. ఇక్కడ ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి. తట్టు వైరస్‌ను యాంటీబయోటిక్ చంపలేదు. దాని మీద నుంచి వచ్చిన బ్యాక్టీరియాకే అది మందు. అందుకే తట్టు వచ్చిన ప్రతి పిల్లాడికీ మెడికల్ షాపులో అడిగి యాంటీబయోటిక్ వేసేయడం సరికాదు. న్యుమోనియా లక్షణాలు ఉన్నప్పుడు ఆలస్యం చేయడం అంతకన్నా ప్రమాదం.

విటమిన్ ఎ రెండు రోజులు, రెండు డోసులు

న్యుమోనియా మందులతో పాటే పాపకు నోట్లో పసుపు రంగు సిరప్ వేస్తారు. చాలామంది దాన్ని బలం మందు అనుకుంటారు. నిజానికి అది చికిత్సలో భాగం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు ప్రకారం తట్టు వచ్చిన పిల్లలకు రోజుకు ఒకటి చొప్పున వరుసగా రెండు రోజులు విటమిన్ ఎ ఇవ్వాలి. 6 నెలల లోపు వాళ్లకు 50 వేల యూనిట్లు, 6 నుంచి 11 నెలల వాళ్లకు లక్ష యూనిట్లు, ఏడాది దాటిన వాళ్లకు 2 లక్షల యూనిట్లు. మన ప్రభుత్వ ఆస్పత్రుల్లో దొరికే సిరప్‌లో ఒక మిల్లీలీటరుకు లక్ష యూనిట్లు ఉంటాయి. కాబట్టి 14 నెలల పాపకు ఈ రోజు 2 మిల్లీలీటర్లు, రేపు 2 మిల్లీలీటర్లు. కళ్లలో విటమిన్ ఎ లోపం లక్షణాలు ఉన్నా, తీవ్ర పోషకాహార లోపం ఉన్నా కొన్ని వారాల తర్వాత మూడో డోసు కూడా వేస్తారు.

ఈ చికిత్స వెనుక పాత కథే ఉంది. 1932లో లండన్‌లో ఎల్లిసన్ అనే డాక్టర్ తట్టుతో ఆస్పత్రిలో చేరిన 600 మంది పిల్లలను రెండు భాగాలు చేశారు. 300 మందికి విటమిన్ ఎ ఎక్కువగా ఉండే చేప నూనె సారం ఇచ్చారు, మిగతా 300 మందికి ఇవ్వలేదు. ఇవ్వనివాళ్లలో 26 మంది చనిపోతే, ఇచ్చినవాళ్లలో చనిపోయింది 11 మంది. అయినా ఆ ఫలితాన్ని దశాబ్దాల పాటు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

1990లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నుంచి ఇంకా గట్టి ఆధారం వచ్చింది. హస్సీ, క్లీన్ అనే డాక్టర్లు తట్టు తీవ్రంగా ఉండి ఆస్పత్రిలో చేరిన 189 మంది పిల్లల మీద పరీక్ష చేశారు. సగం మందికి విటమిన్ ఎ, సగం మందికి మందులేని ద్రవం. ఎవరికి ఏది వేశారో చికిత్స చేసేవాళ్లకు కూడా తెలియదు. మొత్తం 12 మంది చనిపోయారు. వాళ్లలో 10 మంది విటమిన్ ఎ పడని గ్రూపు, ఇద్దరే పడిన గ్రూపు. న్యుమోనియా నుంచి కోలుకునే సమయం కూడా 12 రోజుల నుంచి 6 రోజులకు, అంటే సగానికి తగ్గింది. ఇంకో ముఖ్యమైన సంగతి ఏంటంటే, ఆ ప్రాంతంలో విటమిన్ ఎ లోపం బయటికి పెద్దగా కనిపించేది కాదు. రక్తం పరీక్షిస్తే మాత్రం పిల్లల్లో అది బాగా తక్కువగా ఉంది. కంట్లో తేడా కనిపించేదాకా ఆగకూడదని దీంతో తేలిపోయింది.

దీనికి హైదరాబాద్‌తోనూ సంబంధం ఉంది. ఏడాదికోసారి పెద్ద డోసు విటమిన్ ఎ నోటి ద్వారా వేస్తే పిల్లల చూపు కాపాడవచ్చని క్షేత్రస్థాయిలో పరీక్షించి చూసింది తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలే. 1970లో మొదలైన జాతీయ కార్యక్రమానికి ఆ పనే పునాది. ఇప్పటికీ 9 నెలలకు ఎంఆర్ టీకాతో పాటు 1 మిల్లీలీటరు, ఆ తర్వాత ఏడాదిన్నర వయసు నుంచి ఐదేళ్లు వచ్చేదాకా ఆరు నెలలకోసారి 2 మిల్లీలీటర్లు వేస్తున్నారు. టీకా తప్పిన పాపకు ఈ మొదటి డోసు కూడా తప్పిపోయింది. ఆమె విషయంలో రెండు రక్షణలు ఒకేసారి పోయాయి.

ఎక్కువ వేస్తే ఎక్కువ మంచిదా?

కాదు. విటమిన్ ఎ నీళ్లలో కరిగి బయటికి పోయేది కాదు. కాలేయంలో పేరుకుపోతుంది. లెక్క తప్పి పదేపదే వేస్తే వాంతులు, తలనొప్పి, చంటిపిల్లల్లో మాడు ఉబ్బడం, చివరికి కాలేయం దెబ్బతినడం లాంటివి వస్తాయి. 2025లో అమెరికాలోని టెక్సాస్‌లో తట్టు వ్యాపించినప్పుడు కొందరు తల్లిదండ్రులు భయంతో ఇంట్లోనే విటమిన్ ఎ ఇచ్చారు. ఆస్పత్రికి వచ్చిన కొంతమంది పిల్లల్లో కాలేయం పనితీరు తేడాగా కనిపించిందని అక్కడి డాక్టర్లు చెప్పారు.

ఇంకో అపోహ కూడా ఉంది. విటమిన్ ఎ వేస్తే తట్టు రాదని కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. తట్టు సోకకుండా ఆపే శక్తి దానికి లేదు. సోకిన తర్వాత, ముఖ్యంగా ఒంట్లో నిల్వలు తక్కువగా ఉన్న పిల్లల్లో, నష్టాన్ని తగ్గిస్తుంది అంతే. అడ్డుకోగలిగేది టీకా ఒక్కటే. క్యారెట్లు, మునగాకు, బొప్పాయి, గుడ్డు రోజూ తినే తిండిలో ఉండటం మంచిదే. కానీ తట్టుతో న్యుమోనియా వచ్చిన రోజున చికిత్స డోసు పనిని అవి చేయలేవు.

రెండో గండం కళ్లు, బరువు

న్యుమోనియా తగ్గి పాప ఇంటికొచ్చింది. తర్వాతి నెల రోజులు చూడాల్సినవి రెండు. మొదటిది కళ్లు. చీకటి పడ్డాక పాప తడుముకోవడం, తెల్లగుడ్డు మెరుపు తగ్గి పొడిబారడం, దాని మీద సబ్బు నురగలాంటి మచ్చ కనిపించడం విటమిన్ ఎ లోపానికి గుర్తులు. నల్లగుడ్డు మసకబారితే అది ఎమర్జెన్సీ. కొన్ని రోజుల్లోనే నల్లగుడ్డు కరిగి చూపు శాశ్వతంగా పోవచ్చు. ఇలాంటప్పుడు ఆకు పసర్లు, తల్లిపాలు, ఇంట్లో ఉన్న చుక్కల మందులు కళ్లలో వేస్తే పుండు ఇంకా ముదురుతుంది.

రెండోది బరువు. తట్టు, విరేచనాలు, నోటి పూత కలిసి ఒకటి రెండు వారాల్లోనే పాప బరువును బాగా తగ్గించేస్తాయి. 7 కిలోల పాప ఒక అరకిలో తగ్గిందంటే ఒంట్లో పద్నాలుగో వంతు పోయినట్టే. జబ్బ కొలత 12 నుంచి 11.4కు పడిపోతే పసుపు కాస్తా ఎరుపు అవుతుంది. అప్పుడు పాపను పోషకాహార పునరావాస కేంద్రానికి పంపాల్సి రావచ్చు. 1950లు, 60ల్లో నైజీరియాలో పనిచేసిన డేవిడ్ మోర్లీ అనే బ్రిటిష్ డాక్టర్ సరిగ్గా ఇదే గమనించారు. అక్కడ తట్టు తర్వాత బక్కచిక్కిన పిల్లలు మునుపటి బరువుకు రావడానికి చాలాకాలం పట్టేది. పిల్లల బరువును నెలనెలా గీతగా గీసే చార్టును ఆయన అక్కడే రూపొందించారు. ఈ రోజు అంగన్‌వాడీల్లో కనిపించే గ్రోత్ చార్టుకు మూలం అదే.

మన దగ్గర తట్టును అమ్మవారు పోయడంగా చూసే అలవాటు ఇప్పటికీ ఉంది. వేపాకు పెట్టడం, బయటివాళ్లను ఇంట్లోకి రానివ్వకపోవడం వల్ల నష్టం లేదు. బయటివాళ్లను ఆపడం వల్ల నిజానికి మేలే జరుగుతుంది. చిక్కంతా పథ్యంతోనే. గుడ్డు, పప్పు, నూనె, పాలు మానిపించి చప్పిడి గంజి మీద పది రోజులు ఉంచితే, అసలే నిల్వల్లేని పిల్లలకు అదే శాపం అవుతుంది. తల్లిపాలు ఆపకూడదు. నోరు పూసి మింగలేకపోతుంటే మెత్తగా, చల్లార్చి, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టాలి. జబ్బు తగ్గాక కొన్ని వారాల పాటు రోజూ ఒక పూట అదనంగా పెడితేనే పోయిన బరువు తిరిగొస్తుంది.

మూడో గండం: శరీరం మర్చిపోతుంది

కాలేయం కోలుకుంది, ఊపిరితిత్తులు బాగయ్యాయి, బరువు పెరుగుతోంది. అయినా ఆరు నెలలు తిరక్కుండానే పాపకు మళ్లీ చెవిలో చీము, మళ్లీ విరేచనాలు, మళ్లీ న్యుమోనియా. "తట్టు వచ్చినప్పటి నుంచి పిల్ల కోలుకోవట్లేదండీ" అని తల్లులు చెప్పే మాట ఇదే. ఆ మాటలో నిజం ఉందని శాస్త్రం ఇప్పుడు ఒప్పుకుంటోంది.

దీనికి మొదటి సూచన వందేళ్ల కిందటే దొరికింది. 1908లో వియన్నాలో ఫాన్ పిర్కే అనే పిల్లల డాక్టర్ ఒక వింత గమనించారు. క్షయ క్రిమి సోకిన పిల్లలకు చర్మంపై పరీక్ష చేస్తే ఎర్రగా ఉబ్బాలి. అవే పిల్లలకు తట్టు వచ్చిన రోజుల్లో పరీక్ష చేస్తే ఏమీ ఉబ్బలేదు. అంటే వాళ్ల శరీరం క్షయను గుర్తుపట్టడం మానేసింది.

ఎందుకో అర్థం కావాలంటే ఒక పోలీస్ స్టేషన్‌ను ఊహించుకోండి. ఏరియాలో గొడవ చేసిన ప్రతివాడి ఫొటో, వివరాలు రౌడీషీట్ రిజిస్టర్‌లో ఉంటాయి. వాడు మళ్లీ కనిపిస్తే వెంటనే పట్టుకుంటారు. మన ఒంట్లో ఆ రిజిస్టర్‌ను మోసేవి జ్ఞాపక కణాలు. గతంలో వచ్చిన ప్రతి జలుబు, ప్రతి విరేచనం, వేయించుకున్న ప్రతి టీకా వివరాలు వాటి దగ్గర ఉంటాయి. తట్టు వైరస్ లోపలికి దూరడానికి వాడుకునే తలుపు సరిగ్గా ఈ కణాల మీదే ఎక్కువగా ఉంటుంది. కాబట్టి వైరస్ వాటిలోకే దూరి వాటినే నాశనం చేస్తుంది. అంటే దొంగ స్టేషన్‌లోకి వచ్చి రిజిస్టర్ తగలబెట్టి పోయాడన్నమాట.

కొన్ని వారాల్లో రక్తంలో తెల్ల కణాల సంఖ్య మళ్లీ మామూలుకు వస్తుంది. రక్త పరీక్ష చూసి అంతా బాగుందనుకుంటారు. స్టేషన్‌లో సిబ్బంది నిండుగానే ఉన్నారు, కానీ అందరూ కొత్తవాళ్లు. వాళ్లకు బాగా తెలిసిన నేరస్తుడు ఒక్కడే, తట్టు. అందుకే ఒకసారి వచ్చిన తట్టు సాధారణంగా జన్మలో మళ్లీ రాదు. మిగతా పాత శత్రువుల్లో కొందరిని మాత్రం శరీరం మర్చిపోతుంది.

ఇది ఎంత మేరకు జరుగుతుందో 2019లో కొలిచారు. నెదర్లాండ్స్‌లో 2013లో తట్టు వ్యాపించినప్పుడు, టీకాలు వేయించుకోని 77 మంది పిల్లల నుంచి జబ్బుకు ముందు, తర్వాత రక్తం తీసి భద్రపరిచారు. హార్వర్డ్ పరిశోధకులు మైకేల్ మీనా, స్టీఫెన్ ఎలెడ్జ్ బృందం ఆ రక్తంలో ఏయే క్రిములకు యాంటీబాడీలు ఉన్నాయో జాబితా వేసి పోల్చింది. తట్టు తర్వాత పిల్లల యాంటీబాడీల జాబితాలో 11 నుంచి 73 శాతం వరకు మాయమైంది. తట్టు టీకా వేయించుకున్న పిల్లల్లో ఇలాంటి నష్టం కనిపించలేదు. అంతకుముందు 2015లో మీనా బృందమే ఇంగ్లండ్, అమెరికా, డెన్మార్క్ పాత రికార్డులు తిరగేసింది. తట్టు ఎక్కువగా ఉన్న కాలం తర్వాత రెండు మూడేళ్ల వరకు ఇతర అంటువ్యాధులతో పిల్లల మరణాలు కూడా ఎక్కువగా ఉన్నాయని తేలింది.

నెదర్లాండ్స్ పిల్లలు కడుపునిండా తినేవాళ్లు. పోయిన రిజిస్టర్‌ను మళ్లీ రాసుకోవాలంటే ఆ క్రిములను మళ్లీ ఎదుర్కోవాలి. వాళ్లు ఓ నాలుగు రోజులు జలుబుతో పడుకుని లేస్తారు. కానీ 7 కిలోల పాపకు ప్రతి జబ్బూ కొంత బరువు తీసుకుపోతుంది. బరువు తగ్గితే తర్వాతి జబ్బు ఇంకా గట్టిగా తగులుతుంది. పేద బస్తీల్లో తట్టు చేసే నష్టం తట్టు మరణాల లెక్కలో పూర్తిగా కనిపించకపోవడానికి కారణం ఇదే. ఎనిమిది నెలల తర్వాత న్యుమోనియాతో పోయిన పిల్లాడి రికార్డులో తట్టు అనే మాట ఉండదు.

మరి ఏం చేయాలి?

పాపకు తట్టు వచ్చిన తేదీని ఆరోగ్య కార్డులో రాయించాలి. తర్వాత రెండు మూడేళ్లలో ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ఆ సంగతి చెప్పాలి. తప్పిపోయిన న్యుమోకోకల్, పెంటావాలెంట్ లాంటి టీకాలుంటే ఏఎన్ఎంను అడిగి పూర్తి చేయించాలి. తట్టు వచ్చింది కదా, ఇక ఎంఆర్ అక్కర్లేదని అనుకోవద్దు. ఎంఆర్‌లో రూబెల్లా టీకా కూడా ఉంటుంది. పైగా ఒంటిమీద దద్దుర్లన్నీ తట్టు కాకపోవచ్చు. వారాల తరబడి దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు పెరగకపోవడం ఉంటే క్షయ పరీక్ష చేయించాలి. నెలనెలా అంగన్‌వాడీలో బరువు తూయించి, చార్టులో గీత పైకి పోతోందా లేదా చూడాలి. గీత రెండు నెలలు అడ్డంగా సాగిందంటే అప్పుడే అడగాలి, కిందికి దిగేదాకా ఆగకూడదు.

ఇంట్లో మిగతా పిల్లల సంగతీ చూడాలి. దద్దుర్లు వచ్చిన రోజు నుంచి కనీసం 7 రోజులు పాపను విడిగా ఉంచాలని కేంద్రం 2022లో సూచించింది. ఎంఆర్ మొదటి డోసు 9 నుంచి 12 నెలల మధ్య, రెండోది 16 నుంచి 24 నెలల మధ్య. తట్టు బాగా వ్యాపించిన చోట్ల ప్రభుత్వం నిర్ణయిస్తే 6 నెలలు నిండిన పిల్లలకు కూడా ముందుగా ఒక డోసు వేస్తారు. ఆ ముందు డోసు లెక్కలోకి రాదు. 9 నెలలకు వేసేది మళ్లీ వేయించాల్సిందే.

ఇక తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి పరుగెత్తాల్సిన గుర్తులు ఇవి. తగ్గిన జ్వరం మళ్లీ రావడం, ఊపిరి వేగం పెరగడం, పక్కటెముకల కింద ఛాతీ లోపలికి గుంజుకుపోవడం, ఏడవకుండా ఉన్నప్పుడు కూడా ఊపిరి లోపలికి తీసుకుంటుంటే గొంతులో కీచుమనే శబ్దం రావడం, తాగలేకపోవడం, తాగినదంతా కక్కేయడం, మూర్ఛ, పిలిస్తే పలకనంత మగత, నల్లగుడ్డు మసకబారడం. ఊపిరి లెక్కపెట్టడానికి ఖరీదైన పరికరం ఏదీ అక్కర్లేదు. పాప ఏడవకుండా ఉన్నప్పుడు, లేదా నిద్రపోతున్నప్పుడు, ఫోన్‌లో నిమిషం టైమర్ పెట్టి పొట్ట ఎన్నిసార్లు పైకి లేస్తుందో చూస్తే చాలు. ఏడాది దాటిన పాపకు లెక్క 40కి చేరిందంటే, దద్దుర్లు మాడిపోయినా సరే, బయల్దేరాల్సిందే.